గోల్డెన్ రిట్రీవర్ పిల్ల 8,000 అన్నరు, 18,698 కట్టినంక ఇంకో 5,500 అడుగుతున్నరు. కట్టాలెనా?

కాజీపేట_శ్రావణ్

ఫేస్‌బుక్ అమ్మకాల గ్రూపుల గోల్డెన్ రిట్రీవర్ పిల్ల, 40 రోజులది, 8,000 అని పోస్టు ఉండె. అమ్మెటాయన పుణెల కేంద్ర సర్కారు ఉద్యోగి అంట, బదిలీ అయింది, కొత్త క్వార్టర్ల కుక్కను ఉంచుకోనిస్తలేరు అన్నడు. ఐడీ కార్డు ఫొటో కూడ పెట్టిండు.

సోమవారం సాయంత్రం బుకింగ్ 1,500 పంపిన. మంగళవారం పొద్దుగాల మిగిలిన 6,500. అదే రాత్రి ట్రాన్స్‌పోర్టు 2,499. బుధవారం ఇన్సూరెన్సు 4,999, పిల్ల ఇంటికి చేరంగనె మొత్తం వాపసు వస్తదన్నరు. ఇయ్యాల 11 గంటలకు వ్యాక్సిన్, హెల్త్ సర్టిఫికెట్ కింద 3,200. అన్నీ ఫోన్‌పేల పంపినయే. మొదటి రెండు ఒక పేరు మీద పోయినయ్, తర్వాతివి "డ్రైవర్", "ఇన్సూరెన్స్ మేనేజర్" అని వేరే వేరే పేర్ల మీద.

ఇప్పుడు పిల్ల హైదరాబాదుల దిగింది, అక్కడికెల్లి వరంగల్ ఎయిర్‌పోర్టుకు పంపాలంటే ఏసీ క్రేట్ ఉండాలె, 5,500 కట్టుమంటున్నరు. అది కూడ రిఫండబులే అంట. సాయంత్రం 5 లోపల కట్టకపోతే పిల్ల చచ్చిపోతది, నీ మీద జంతుహింస కేసు పెడుతం అని వాయిస్ మెసేజ్ వచ్చింది. ట్రాకింగ్ వెబ్‌సైట్ల మాత్రం "ఆన్ హోల్డ్" అని చూపిస్తున్నది. కట్టి పిల్లను తెచ్చుకోవాల్నా, ఆపాల్నా?

సుబేదారి_సుధ

ఒక్క రూపాయి కూడ కట్టకు తమ్మీ. వరంగల్ ఎయిర్‌పోర్టు అంటే మామునూరే కదా. అక్కడ రన్‌వే ఉన్నది, విస్తరణ ముచ్చట నడుస్తున్నది గని విమానాలు దిగుతలేవు. శంషాబాద్‌ల దిగిన దాన్ని మళ్ల విమానంల వరంగల్ పంపుడు ఉండదు. ఆ ముక్క అన్నోనికి మన ఊరు ఎక్కడుందో కూడ తెల్వదు.

గోదావరిఖని_జీవన్

టెన్షన్ పడకు. రిజర్వు బ్యాంకు రూలు ఉంది, 2017లది. మోసం జరిగిన మూడు రోజుల లోపు బ్యాంకుకు రాసిస్తే నీ మీద ఏ భారం ఉండదు, మొత్తం బ్యాంకే వాపసు ఇస్తది. సోమవారం నుంచి లెక్కేస్తే ఇయ్యాలటితోని మూడు రోజులు. ఇప్పుడే బ్రాంచికి పో.

కౌంటర్_నంబర్_3

జీవన్ గారు చెప్పిన సర్క్యులర్ ఉన్నది నిజమే, ఈ కేసుకు మాత్రం సరిపోదు. అది ఖాతాదారుకు తెలియకుండా, అతని అనుమతి లేకుండా పోయిన డబ్బుకు. కార్డు కాపీ చేసి లాగేస్తే, ఎవరో ఖాతాలోకి చొరబడి పంపుకుంటే మూడు పనిదినాల లెక్క వర్తిస్తుంది. ఇక్కడ పిన్ కొట్టింది శ్రావణే. మోసపోయి కొట్టినా బ్యాంకు దాన్ని అనుమతి ఇచ్చిన చెల్లింపు కిందే చూస్తుంది. బ్రాంచికి పోయి లైన్లో నిలబడితే ఉన్న సమయం కూడా పోతుంది.

శ్రావణ్, ఇది చదవంగనే 1930కి ఫోన్ చెయ్యి. లైన్ కలవకపోతే cybercrime.gov.in లో ఆర్థిక మోసం కింద ఫిర్యాదు పెట్టు. అక్కడ నమోదైతే డబ్బు ఏ ఖాతాకు పోయిందో ఆ బ్యాంకుకు నేరుగా సమాచారం పోతుంది. అప్పటికి ఆ ఖాతాలో ఎంత మిగిలి ఉంటే అంత కదలకుండా ఆపుతారు. ముందే బయటికి తీసేసి ఉంటే ఆపడానికి ఏమీ ఉండదు. సోమవారం పంపిన 1,500 ఈపాటికి మూడు ఖాతాలు మారి ఏటీఎంలో తీసేసి ఉంటారు. ఇయ్యాల 11 గంటల 3,200 ఇంకా అక్కడే ఉండొచ్చు. అందుకే ముందు ఇయ్యాలటిది చెప్పు, తర్వాత నిన్నటిది, అట్ల వెనక్కి పో. అందరూ మొదటి రోజు నుంచి కథ చెప్పుకుంటూ వస్తారు, చివరి చెల్లింపు వచ్చేసరికి అరగంట అవుతుంది.

ఐదు చెల్లింపులకు ఐదు యూటీఆర్‌లు దగ్గర పెట్టుకో. ఫోన్‌పేలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. T తో మొదలయ్యే పొడుగు నంబరు ఫోన్‌పే సొంత నంబరు, అది కాదు. హిస్టరీలో ఆ చెల్లింపు తెరిస్తే కింద UTR అని 12 అంకెలది కనిపిస్తుంది, అది కావాలి. దాంతోపాటు ఎంత, ఎన్ని గంటలకు, ఏ యూపీఐ ఐడీకి పోయింది అనేది రాసుకో.

గోదావరిఖని_జీవన్

పిన్ కొట్టిన ముచ్చట నేను పట్టించుకోలే. అయినా బ్యాంకుకు రాసిచ్చుడు తప్పేం కాదు కదా?

కౌంటర్_నంబర్_3

తప్పు కాదు. 1930 అయినంక చెయ్యాలి. ఫిర్యాదు నంబరు వేసి రాసిస్తే ఇంకా బాగుంటది. వరుస మాత్రం మారొద్దు.

కాజీపేట_శ్రావణ్

1930 రెండు సార్లు బిజీ వచ్చింది, మూడోసారికి కలిసింది. ఇయ్యాలటి 3,200 ముందు చెప్పిన. మిగిలినయి కూడ రాసుకున్నరు. మెసేజ్‌ల ఫిర్యాదు నంబర్ వచ్చింది. పోర్టల్‌ల మిగితా వివరాలు నింపాలె అన్నరు.

ఒక అనుమానం. నిజంగనే పిల్ల ఉండి ట్రాన్స్‌పోర్టోళ్లు మధ్యల సతాయిస్తున్నరేమో? వ్యాక్సిన్ కార్డు ఫొటో ఉంది, అండ్ల స్టాంపు కూడ ఉంది.

నర్సంపేట_నవీన్

నాక్కూడ ఇదే అవసరం. మా లాబ్రడార్‌ను కాజీపేట నుంచి నాగ్‌పూర్ రైల్ల తీస్కపోవాలె. ఇన్సూరెన్సు తప్పనిసరా? 4,999 అయితదా?

కెనెల్_మల్లన్న

నవీన్, నీది వేరే సంగతి. నీ కుక్కను నువ్వు తీస్కపోతున్నవ్. రైల్వేకు ఇన్సూరెన్సుతోని పనిలేదు. టీకా కార్డు, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు డాక్టరు రాసిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, నీ టికెట్ పట్టుకొని స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు పోవాలె. అక్కడ బరువు లెక్కన పైసలు తీసుకొని రసీదు ఇస్తరు. గార్డు పెట్టెల ఉండే డాగ్ బాక్సుల ఎక్కిస్తరు. ఫస్ట్ ఏసీల కూపే మొత్తం నీదే అయితే నీ దగ్గరనే ఉంచుకోవచ్చు. కాజీపేటల చాన బండ్లు కొద్ది నిమిషాలే ఆగుతయ్, పార్సిల్ వాళ్లను ముందుగాల అడిగి ఏ బండికి ఎక్కిస్తరో తెలుసుకో.

శ్రావణ్, నవీన్‌కు చెప్పిన దాంట్లనే నీకు జవాబు ఉంది. నిజమైన ఖర్చు ఎవరికి కడతమో చూడు. టీకా పైసలు డాక్టరుకు, రైలు పైసలు పార్సిల్ కౌంటర్ల, విమానం పైసలు కార్గో ఏజెంటుకు. ప్రతిదానికి వాళ్ల పేరు మీద రసీదు ఉంటది. నీ దాంట్ల టీకా, బండి, ఇన్సూరెన్సు అన్నీ అమ్మెటాయన చెప్పిన యూపీఐలకే పోయినయ్. ఇన్సూరెన్సు కంపెనీ ఒక మనిషి సొంత ఖాతాల పైసలు తీసుకోదు.

ఇంకోటి. కుక్కపిల్లను పంపెటోనికి ఖర్చెంతో పంపక ముందే తెల్సుంటది. క్రేట్ లేకుంట విమానం కార్గోల పిల్లను ముట్టుకోరు. క్రేట్ కొలత చూసి, పిల్లను అండ్ల పెట్టి తూకం వేసినంకనే బిల్లు కొడతరు. అట్లాంటిది పుణెల ఎక్కినంక, హైదరాబాదుల దిగినంక క్రేట్ కొనాలె అంటే, ఇక్కడిదాక ఎండ్ల వచ్చినట్టు?

సుబేదారి_సుధ

ఇది పట్టుకున్నవ్ మల్లన్నా. ఒక్కో ఫీజు బయల్దేరినంకనే పుడతది. బయల్దేరక ముందు చెప్తే మనం లెక్కేసుకొని వద్దంటం.

జమ్మికుంట_రాజేశం

8,000కు గోల్డెన్ అంటేనే అనుమానం రావాల్సింది. మన దిక్కు మంచి తల్లిదండ్రుల పిల్ల ఆ ధరకు దొరకదు.

కెనెల్_మల్లన్న

రాజేశం, ధర ఒక్కదాన్ని పట్టుకోలేం. పేపర్లు లేని పిల్లను ఇంట్ల పెంచినోళ్లు తక్కువకు ఇస్తరు, తెలిసినోళ్లకు ఉత్తగనే ఇచ్చేటోళ్లు కూడ ఉంటరు. ఇప్పుడు మోసగాళ్లు కూడ ధర కొంచెం పెంచి పెడుతున్నరు, అనుమానం రావద్దని. ధర కన్న వయసు చూడాలె. 40 రోజుల పిల్లను అమ్ముడే రూలుకు విరుద్ధం. 2017ల కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండాలె, పెంచి అమ్మెటోనికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుల రిజిస్ట్రేషన్ ఉండాలె. మన దగ్గర చాలమంది పాటించరు, అది నిజం. కాని రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే ఉన్నోడు ఇస్తడు, లేనోడు మాట దాటేస్తడు.

మామునూరు_పశువైద్యం

శ్రావణ్, ఆ కార్డు ఫొటో ఇక్కడ పెట్టు. పేరు, ఫోన్ నంబర్లు చెరిపేసి పెట్టు.

కాజీపేట_శ్రావణ్

పెట్టిన. పైన పుట్టిన తేదీ ఉంది, దాని లెక్కన ఇయ్యాలటికి 43 రోజులు. కింద మూడు వరుసలు. డీహెచ్‌పీపీఐ ఫస్టు, డీహెచ్‌పీపీఐ బూస్టరు, రేబిస్. మూడింటి పక్కన గుండ్రటి స్టాంపు, సంతకం ఉన్నయ్.

మామునూరు_పశువైద్యం

చూశాను. నెమ్మదిగా చదువు, తర్వాత ఏ కార్డు వచ్చినా నువ్వే చూసుకోగలవు.

మొదటి డోసు 22వ రోజు వేసినట్టు ఉంది. డీహెచ్‌పీపీఐ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతాం. అంతకంటే ముందు తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల రక్తంలో బలంగా ఉంటుంది, అది టీకాను పని చేయనివ్వదు. 22వ రోజుకు పిల్ల ఇంకా తల్లి కిందే పాలు తాగుతుంటుంది.

రెండో వరుసలో బూస్టరు 32వ రోజు. రెండు డోసుల మధ్య మూడు నుంచి నాలుగు వారాలు ఉండాలి. ఇక్కడ పది రోజులే ఉంది.

మూడో వరుస చూడగానే కార్డు పక్కన పెట్టొచ్చు. రేబిస్ టీకా 40వ రోజు. మూడు నెలలు నిండినంకనే వేస్తాం. కుక్కలను చూసే డాక్టరెవరూ 40వ రోజు రేబిస్ వేసి సంతకం పెట్టడు.

అసలు కార్డులో ప్రతి వరుసకు వయల్ మీది చిన్న లేబుల్ ఊడదీసి అంటిస్తాం. టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులోనే ఉంటాయి. లేబుల్ సగం మీద, సగం కార్డు మీద పడేటట్టు సంతకం పెడతాం. నీ ఫొటోలో లేబుల్ ఒక్కటి కూడా లేదు. టీకా పేర్లు పెన్నుతో రాసి ఉన్నాయి, మూడు తేదీలూ ఒకే ఇంకు, ఒకే వాలు. వేరే వేరే రోజుల్లో రాస్తే అట్లా రాదు. స్టాంపులో డాక్టరు పేరు ఉంది, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఆ నంబరు లేని సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదు.

3,200 గురించి కూడా చెప్పాలి. హనుమకొండలో ప్రైవేటు క్లినిక్‌లో ఒక డీహెచ్‌పీపీఐ డోసు వెయ్యికి అటూఇటూ అవుతుంది, రేబిస్ కొన్ని వందలు. పైగా టీకాలు ఎప్పుడో వేశామని కార్డు చూపిస్తున్నవాళ్లు ఇయ్యాల టీకా పైసలు ఎందుకు తీసుకున్నారు? ఆ కార్డు, ఆ ఫీజు రెండూ కలిసి నిజం కావు.

సుబేదారి_సుధ

ఆ ఆఖరి మాట నాకు తట్టనే లేదు డాక్టర్ గారూ.

హుజూరాబాద్_కవిత

మేము కరీంనగర్‌ల ఒకల దగ్గర పమేరియన్ తీసుకున్నం, ఆమె కూడ ముందు 2,000 అడ్వాన్సు తీసుకుంది, పిల్లల దగ్గరికి రానియ్యలే. గట్లయితే ఆమె కూడ మోసమేనా? పిల్ల అయితే మంచిగనే వచ్చింది.

మామునూరు_పశువైద్యం

కాదు. టీకా పడని పిల్లల దగ్గరికి బయటివాళ్లను రానివ్వకపోవడం మంచి పద్ధతే. పార్వో వైరస్ చెప్పులకు, బట్టలకు అంటుకొని వస్తుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఒక ఇంట్లో జబ్బు కుక్కను చూసి అదే చెప్పులతో ఇంకో ఇంటికి పోతే పిల్లలన్నీ వాంతులు, రక్త విరేచనాలతో పడిపోతాయి. రానివ్వని మనిషి వేరే విధంగా చూపించగలగాలి. వీడియో కాల్‌లో పిల్లలు తల్లి దగ్గర పాలు తాగుతుంటే చూపించమను. తల్లి లేని పిల్ల ఒక్కటే చాప మీద కూర్చొని ఉంటే జాగ్రత్త.

కెనెల్_మల్లన్న

అడ్వాన్సు మేము కూడ తీసుకుంటం. తీసుకోకుంటే నలుగురు "నాకే నాకే" అని చివరికి ఎవరూ రారు. తేడా ఏందంటే అడ్వాన్సు ధరల కలుస్తది. మిగితా పైసలు పిల్లను చేతుల పెట్టినప్పుడే.

వీడియో కాల్ కూడ ఇప్పుడు ఒక్కటే సరిపోతలేదు. ముందుగాల తీసిన వీడియో ఇంకో ఫోన్ల నడిపిచ్చి దాన్నే కెమెరకు చూపెడుతున్నరు. అప్పటికప్పుడు ఏదన్న చెయ్యమనాలె. పిల్ల ఎడమ చెవి మడిచి చూపియ్యి, నా పేరు, ఇయ్యాలటి తేదీ కాయితం మీద రాసి పిల్ల పక్కన పెట్టు అనాలె. సిగ్నల్ లేదు అని కోసేస్తే ఇంక మాట్లాడే పని లేదు.

జమ్మికుంట_రాజేశం

ఆ పిల్లకు 43 రోజులకే మా ఇంట్ల పెద్దమనిషి కన్న ఎక్కువ కాయితాలు అయినయ్.

సుబేదారి_సుధ

శ్రావణ్, ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌ల పెట్టి చూసినవా?

కాజీపేట_శ్రావణ్

ఇప్పుడు చూసిన అక్కా. అదే పిల్ల, అదే ఎర్ర చాప, మూడేండ్ల కిందటి ఇంగ్లీషు పోస్టుల ఉంది, వేరే దేశంది.

నెట్_సాయి

ట్రాకింగ్ సైటు అడ్రసు నాకు విడిగా పంపాడు, చూశాను. ఇక్కడ పెట్టట్లేదు, ఎవరైనా నొక్కుతారని. who.is లో ఆ పేరు కొడితే నమోదైన తేదీ తొమ్మిది రోజుల కిందటిది. పేజీలో మాత్రం 1998 నుంచి సేవలు అని ఉంది. ట్రాకింగ్ నంబరులో అక్షరాలు, గీతలు ఉన్నాయి. విమాన కార్గోకు ఎయిర్ వేబిల్ నంబరు ఉంటుంది, 11 అంకెలే, అక్షరాలు ఉండవు. మొదటి మూడు అంకెలు విమాన సంస్థవి. ఎయిర్ ఇండియా అయితే 098. ఆ నంబరును ఆ సంస్థ సొంత కార్గో సైటులో కొట్టాలి, వాళ్లు పంపిన లింకులో కాదు.

ఆ పేజీలో "ఆన్ హోల్డ్" అన్నది ఎవరో చేత్తో మార్చే మాట. డబ్బు పడగానే "ఇన్ ట్రాన్సిట్", రెండు గంటలకు మళ్లీ "ఆన్ హోల్డ్". శ్రావణ్, నీకు అట్లాగే మారిందా?

కాజీపేట_శ్రావణ్

అవును. ప్రతిసారి పైసలు పంపిన పది నిమిషాలకు పచ్చ రంగు వచ్చింది.

కౌంటర్_నంబర్_3

ఇదే ఊర్లో ఇంకో రకం కూడా నడుస్తోంది, తెలిసి ఉండాలి. 4,999 పంపితే "పైసలతో కోడ్ రాలేదు, సిస్టమ్‌ల పడలేదు, 4,999.07 అని కొట్టి మళ్లీ పంపు, పాతది ఆటోమేటిగ్గా వాపసు వస్తది" అంటారు. యూపీఐలో అట్లాంటి కోడ్ ఏదీ లేదు. పోయిన డబ్బు పైసల తేడాతో తిరిగి రాదు. వాపసు ఇస్తామని క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటారు, పిన్ అడుగుతుంది. పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నట్టే, రావడానికి పిన్ అక్కర్లేదు.

రిఫండబుల్ అనే మాట ప్రతి ఫీజుకూ ఎందుకు తగిలిస్తారంటే, కట్టేవాడు దాన్ని ఖర్చు లెక్కలో వేసుకోడు. శ్రావణ్ మనసులో కట్టింది 18,698 కాదు, అందులో 4,999 వాపసు వస్తుంది. ఇప్పుడు 5,500 కట్టకపోతే ఆ 4,999 కూడా పోతుందని భయం. కట్టిన కొద్దీ ఆగడం కష్టం అవుతుంది. నిజం ఇన్సూరెన్సు ప్రీమియం ప్రయాణం బాగా జరిగింది కదా అని వాపసు ఇవ్వరు.

కాజీపేట_శ్రావణ్

అదే జరిగింది అన్నా. 4,999 కోసమే 3,200 కట్టిన.

జంతుహింస కేసు సంగతి ఎవరన్న చెప్పుండ్రి. అమ్మకు కూడ ఆ వాయిస్ వినిపిచ్చిండు, ఆమె ఏడుస్తుంది.

ఓరుగల్లు_వకీలు

అమ్మకు చెప్పండి, అట్లాంటి కేసు ఉండదు. 1960 జంతుహింస నివారణ చట్టం జంతువును తన స్వాధీనంలో పెట్టుకున్నవాడి మీద బాధ్యత పెడుతుంది. పిల్ల మీ చేతికే రాలేదు. ఉన్నా లేకున్నా అది వాళ్ల దగ్గరే ఉన్నట్టు లెక్క. ఆ వాయిస్ మెసేజ్ మీకే పనికొస్తుంది. నమ్మించి డబ్బు తీసుకోవడం న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఫోన్లో వేరే మనిషిగా నటించి చేసినందుకు ఐటీ చట్టం 66డి. ఇప్పుడు బెదిరింపు కూడా తోడైంది. దాన్ని తొలగించకండి.

నెట్_సాయి

వాట్సాప్‌లో వాళ్లు "అందరికీ డిలీట్" కొట్టే అవకాశం ఉంది, ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకో. వాయిస్ మెసేజ్‌లు కూడా వచ్చేటట్టు మీడియాతో సహా. ఫేస్‌బుక్ ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ ఒక్కటి సరిపోదు, పేరు రేపు మార్చేస్తారు. ప్రొఫైల్ లింకు కాపీ చేసుకో, అందులో అంకెల ఐడీ ఉంటే అది పేరు మార్చినా మారదు.

గోదావరిఖని_జీవన్

ఇయ్యన్నీ అయినంక వాణ్ని బ్లాక్ కొట్టాలె.

జమ్మికుంట_రాజేశం

బ్లాక్ ఎందుకు? రేపు పొద్దుగాల కడతనని మాటల్ల పెట్టి ఇంకో రెండు ఖాతా నంబర్లు గుంజితే పోలీసోళ్లకు పనికొస్తయ్ కదా.

ఓరుగల్లు_వకీలు

రాజేశం గారి మాటలో కొంత నిజం ఉంది, కొత్త యూపీఐ ఐడీ తెలిస్తే ఫిర్యాదులో చేర్చొచ్చు. కానీ అది పోలీసులు చెప్తేనే చేయాలి. ఇంట్లో తల్లి ఏడుస్తున్నప్పుడు ఆ గొంతు మళ్లీ వినడం ఎందుకు?

జమ్మికుంట_రాజేశం

ఇంటి సంగతి సరే. అందరూ బ్లాక్ కొడితే మాత్రం వాడు ఇంకొకల దగ్గరికి పోతడు.

సుబేదారి_సుధ

శ్రావణ్ ఇష్టం అది. ఫిర్యాదు పెట్టినమని మాత్రం వానికి చెప్పకు. తెలిస్తే ఉన్న పైసలు కూడ వెంటనే తీసేస్తడు.

కాజీపేట_శ్రావణ్

పోర్టల్‌ల అన్నీ నింపిన. సుబేదారిల పోలీసులను కూడ కలిసిన, ఫిర్యాదు నంబర్ చూసి కాయితం తీసుకున్నరు. స్టేటస్‌ల ఇయ్యాలటి 3,200ల 2,900 హోల్డ్ అయినట్టు చూపిస్తుంది. బుధవారంది 4,999 వేరే ఖాతాకు పోయిందంట, దాని వెనక చూస్తున్నమన్నరు. మిగితా మూడింటి సంగతి ఏమీ రాలే.

కౌంటర్_నంబర్_3

2,900 దొరకడం 11 గంటలకు పంపి ఆ పూటే చెప్పినందుకు. హోల్డ్ అంటే ఆ ఖాతాలో ఆగింది అని, నీ ఖాతాకు దానంతట అది రాదు. మన దగ్గర ఇట్లాంటివి చాలావరకు లోక్ అదాలత్‌లో పెట్టి, ఉత్తర్వు తీసుకొని, దాన్ని బ్యాంకుకు పంపితే వాపసు పడుతుంది. ఫిర్యాదు నంబరు, నీ ఖాతా పాస్‌బుక్ కాపీ, ఆధార్ దగ్గర పెట్టుకో, పిలిచినప్పుడు పోవాలి. మిగతా మొత్తం వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకు. 4,999 ఏ ఖాతాలో ఆగిందో దాన్ని బట్టి ఉంటుంది.

హుజూరాబాద్_కవిత

మా మరిదికి పిల్ల కావాలంటున్నడు. వరంగల్‌ల నేరుగా పోయి చూసి తెచ్చుకునేటట్టు ఎవరన్న ఉన్నరా? పేరు ఇక్కడ రాయకున్నా సరే.

మామునూరు_పశువైద్యం

మీకు దగ్గర్లో ఏ క్లినిక్‌కు పోయినా ఎవరి ఇంట్లో పిల్లలు ఉన్నాయో డాక్టరుకు తెలిసి ఉంటుంది, తల్లికి టీకాలు వేసేది ఆయనే కాబట్టి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడగొచ్చు. తెచ్చుకున్న రోజే టీకా వేయించకండి. ప్రయాణంతో అలసి ఉంటుంది. రెండు మూడు రోజులు తినడం, విరేచనం చూసి, అప్పుడు తీసుకురండి. వేసిన రోజు నుంచే రక్షణ రాదు. డోసులన్నీ అయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోటికి దింపొద్దు.

కాజీపేట_శ్రావణ్

ఇప్పుడు ఇంకొక ఫోన్ వచ్చింది. "హైదరాబాద్ సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నం, మీ 18,698 మొత్తం దొరికింది, రిలీజ్ చార్జీ 1,150 కడితే సాయంత్రం లోపల మీ ఖాతాల పడతది" అన్నడు. నా ఫిర్యాదు నంబర్ అడిగిన, "సిస్టమ్‌ల ఉంది" అన్నడు, చెప్పలే. మొత్తం అంకె మాత్రం సరిగ్గ చెప్పిండు.

కౌంటర్_నంబర్_3

మొత్తం అంకె డబ్బు తీసుకున్నవాళ్లకు తెలుసు, ఇక్కడ చదివినవాళ్లకు కూడా తెలుసు. ఇది కూడా మోసమే. హోల్డ్ విడిపించడానికి పోలీసులు, బ్యాంకు, లోక్ అదాలత్ ఎవరూ ఫీజు తీసుకోరు. ఆ నంబరు, కాల్ వచ్చిన టైము అదే ఫిర్యాదుకు చేర్పించు.

కాజీపేట_శ్రావణ్

చేర్పిస్తున్న. 1,150 కట్టలే.